స్టూడియోల చెల్లె ఫోటోకు కళ్లద్దాలు లేపేసిన్రు, వీసాకు నడుస్తదా?

దేవరకొండ_సాయి | శనివారం రాత్రి 9:40

మా చెల్లె ఎమ్మెస్ చదువుకు అమెరికా పోతున్నది. కాలేజీ నుంచి ఐ-20 కాగితం వచ్చింది, వీసాకు డీఎస్-160 ఫారం నింపుతున్నం. ఫోటో కోసం మొన్న నల్లగొండల ఒక స్టూడియోకు తోల్కపోయిన. చెల్లెకు చిన్నప్పటి నుంచి అద్దాలున్నయి, పెట్టుకునే కూసుంది, ఆయన అట్లనే తీసిండు. తర్వాత నేను ఫోన్ల చూసి "అన్నా, వీసాకు అద్దాలు ఉండొద్దంట" అన్న. ఆయన "మళ్ల కూసోబెట్టుడెందుకు తమ్మీ, పది నిమిషాలు ఆగు" అని కంప్యూటర్లనే అద్దాలు లేపేసిండు. ఎనక తెల్లరంగు కూడ పోసిండు. 3.5 × 4.5 సైజుల ఎనిమిది ప్రింట్లు ఇచ్చిండు, సాఫ్ట్ కాపీ వాట్సాప్‌ల పంపిండు.

దాన్ని నెట్ సెంటర్ల 600 × 600 చేయించి ఎక్కిస్తే వెబ్‌సైట్ తీసుకుంది, ఏం ఎర్రర్ రాలే. అయిపోయింది అనుకున్న. ఇంటికొచ్చి మా అమ్మకు చూపిస్తే "ఇది ఎవలి పిల్లరా?" అన్నది. అప్పుడు చూసిన, పై పెదవి మీద ఉండాల్సిన పుట్టుమచ్చ లేదు.

ఫారం ఇంకా సబ్మిట్ చెయ్యలే. వెబ్‌సైట్ తీసుకున్నదంటే పర్వాలేదా, మళ్ల తీయించాల్నా?

---

లక్ష్మణ్_మిర్యాలగూడ | శనివారం రాత్రి 10:05

ఊకె టెన్షన్ పడకు తమ్మీ. పాస్‌పోర్టుకు మనం ఫోటో ఇచ్చేదే లేదు, సేవా కేంద్రంల వాళ్లే కెమెరా ముందట కూసోబెట్టి తీస్తరు. నేను పోయినేడు తీసుకున్న, చేతిల ఒక్క ఫోటో కూడ లేకుండ పోయిన. ఇగ ఎడిటింగ్ మాటెక్కడిది?

---

అచ్చంపేట_కిరణ్ | శనివారం రాత్రి 10:31

లక్ష్మణ్ అన్నా, నువ్వు చెప్పింది నిజమే కానీ అది పాస్‌పోర్టు సంగతి. సాయి అడిగేది వీసా ఫోటో. దాన్ని మనమే ఎక్కించాలి. పాస్‌పోర్టుల కూడ నాలుగేళ్ల లోపు పిల్లలకు ఫోటో మనమే తీస్కపోవాలి. విదేశాల్ల ఉన్నోళ్లు రెన్యువల్ చేసుకుంటే వాళ్లూ ఇచ్చుకోవాలి.

సాయీ, నేను హైదరాబాద్‌ల ముఖం పోల్చే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్త. నా మాట: సబ్మిట్ చెయ్యకు. వెబ్‌సైట్ చూసేది ఫైలు జేపెగ్గేనా, చదరంగ ఉందా, 240 కేబీ లోపు ఉందా, 600 నుంచి 1200 పిక్సెళ్ల మధ్యల ఉందా, ఇట్లాంటివే. అది టిక్ పెట్టినంత మాత్రాన ఫోటో ఒప్పుకున్నట్టు కాదు. చివరి మాట కాన్సులేట్ వాళ్లది. మనిషి రూపం మారేటట్టు కంప్యూటర్ల దిద్దిన ఫోటో వద్దని వాళ్ల నిబంధనల్లనే ఉంది. అద్దాలైతే 2016 నవంబర్ 1 నుంచే బంద్.

రెండు సంగతులు చెప్పు. నెట్ సెంటర్ల 600 × 600 ఎట్ల చేసిన్రు, కోసిన్రా, సాగదీసిన్రా? ఫోటోల చెల్లె కంటి నల్లగుడ్డు గుండ్రంగ ఉందా, కోడిగుడ్డు లెక్క అడ్డంగ ఉందా? ఫోటోను పెద్దగ చేసి చూడు.

---

దేవరకొండ_సాయి | శనివారం రాత్రి 11:12

అన్నా, నువ్వు ఎట్ల కనిపెట్టినవ్? అడ్డంగనే ఉంది! నేను లావుగ కొడుతుందేంది అనుకున్న, స్టూడియో లైట్ల మహిమ అనుకున్న.

---

అచ్చంపేట_కిరణ్ | శనివారం రాత్రి 11:40

నెట్ సెంటర్లల్ల ఎక్కువ జరిగే తప్పు ఇదే. 3.5 × 4.5 ఫోటో నిలువు బొమ్మ. దాన్ని కొయ్యకుండ చదరంల ఇరికిస్తే అడ్డం దాదాపు 29 శాతం సాగుతది. 4.5ను 3.5తో భాగించి చూడు, తెలుస్తది. ముఖం ఎవల్దో తెలియకపోయినా సరే, నల్లగుడ్డు చెప్పేస్తది. సూటిగ చూసే మనిషికి అది గుండ్రంగనే ఉండాలి. "సైజు మార్చిన" అనే అనుకుంటరు కానీ, ముఖం కొలతలే మారిపోయినయి.

ఇగ అద్దాల సంగతి. ముఖం పోల్చే సాఫ్ట్‌వేర్ ముందుగాల రెండు కళ్లు ఎక్కడున్నయో పట్టుకుంటది. వాటిని బట్టి ముఖాన్ని నిటారుగ సర్దుకొని తర్వాత మిగతాది పోలుస్తది. అద్దాలు లేపేసినప్పుడు ఏమైతది? ఫ్రేమ్ కింద దాగిన కనురెప్ప, కంటి కింద చర్మం, ముక్కు పక్కల భాగం, ఇవి ఫోటోల అసలు పడనే లేదు. స్టూడియో అన్న తన ఊహతోని గీసిండు. అంటే చెల్లె ముఖంల ముఖ్యమైన జాగ చెల్లెది కాదు. మైనస్ పవర్ ఎక్కువున్న అద్దాలైతే కళ్లు అసలు సైజు కన్న చిన్నగ కనబడ్తయి, ఫ్రేమ్ తుడిచినా ఆ చిన్న సైజు అట్లనే ఉంటది.

పుట్టుమచ్చ అయితే మిషన్ పెద్దగ పట్టించుకోదు. కౌంటర్ల కూసున్న మనిషి పట్టించుకుంటడు. మీ అమ్మ పట్టుకున్నది చూడు.

---

గడియారం_ఫోటోస్ | ఆదివారం ఉదయం 7:15

నేను నల్లగొండలనే ఇరవై రెండేండ్ల సంది స్టూడియో నడుపుతున్న. సాయి చెప్పిన స్టూడియో నాది కాదు, ముందే చెప్తున్న. కానీ అందరూ స్టూడియోలోళ్ల మీద పడుడు బాగలేదు. కస్టమర్లే అడుగుతరు. "అన్నా, కొంచెం తెల్లగ చెయ్యి", "మొటిమలు తియ్యి", "కోటు, టై పెట్టు". చెయ్యనంటే పక్క షాపుకు పోతరు. అంగిలేసుకొని వచ్చిన పిలగానికి నేను రోజూ కోటు తొడుగుత, రంగులు కూడ ఎంచుకోమంట. ఇప్పటిదాక ఒక్కని ఉద్యోగం కూడ దానితోని పోలే.

బ్యాక్‌గ్రౌండ్ మార్చుడు ఎట్ల తప్పైతది? ముఖాన్ని ముట్టుకోం గద. మొటిమ అయితే పది రోజులకు అదే పోతది. పోయేదాన్ని ఇయ్యాల తీస్తే మోసమా?

---

అచ్చంపేట_కిరణ్ | ఆదివారం ఉదయం 9:02

అన్నా, మిమ్ముల అంటలేను. పెండ్లి ఆల్బం, బయోడేటా ఫోటోల మీ ఇష్టం. గుర్తింపు ఫోటో సంగతి వేరే. ఎందుకో ఒక కేసు చెప్త.

ఇద్దరి ముఖాలు కలిపి ఒక ఫోటో చెయ్యొచ్చు. మధ్యలకు కలుపుతే ఇద్దరి లెక్క కనబడ్తది. మిషన్ల పెడితే ఇద్దరికీ సరిపోయినట్టు వస్తది. అంటే ఒక పాస్‌పోర్టు మీద ఇద్దరు తిరగొచ్చు. ఇటలీల బొలోనా యూనివర్సిటీ పరిశోధకులు 2014లనే ఈ సందు చూపెట్టిన్రు. 2018ల జర్మనీల ఒక కళాకారుల బృందం చేసి చూపెట్టింది. అప్పుడు యూరోపియన్ యూనియన్ విదేశాంగ వ్యవహారాలు చూసే ఫెదెరికా మొఘెరిని ముఖాన్ని, తమ బృందంల ఒకామె ముఖాన్ని కలిపి ఫోటో ప్రింట్ చేసి ఆఫీసుల ఇచ్చిన్రు. దాని మీద అసలు పాస్‌పోర్టే వచ్చింది, నకిలీది కాదు. ఆ దేశంల ఇప్పుడు కాగితం ఫోటో తీసుకునుడే బంద్. 2025 మే 1 నుంచి ఆఫీసులనే తీస్తరు, లేకుంటే స్టూడియో నుంచి భద్రమైన దారిల నేరుగ ఆఫీసుకు పోవాలి. మనకాడ సేవా కేంద్రంల కెమెరా ముందట కూసోబెడితే ఈ సందు దానంతట అదే మూసుకుంటది.

ఇప్పుడు మీ మొటిమ సంగతి. రెండు ముఖాలు కలిపిన ఫోటోల చర్మం నున్నగ అయితది, రంధ్రాలు పోతయి, వెంట్రుకల అంచుల పొగలెక్క మసక ఉంటది. మొటిమలు తీసి, తెల్లగ చేసిన ఫోటోల ఏముంటది? అదే నున్నదనం, అదే మసక. ఫైలు చూసేటోనికి మీరు మొటిమ తీసిన్రో, ఇంకో మనిషిని కలిపిన్రో ఎట్ల తెలుస్తది? అందుకే కొంచెమా ఎక్కువనా అని చూడకుండ మొత్తానికే వద్దంటరు.

---

గడియారం_ఫోటోస్ | ఆదివారం ఉదయం 9:30

ఈ లెక్కన చూస్తే అర్థమైంది. ఇద్దర్ని కలుపుడు అనేది నేను వినలే. మరి కోటు?

---

అచ్చంపేట_కిరణ్ | ఆదివారం ఉదయం 9:48

కోటు పెట్టేటప్పుడు మెడ కోస్తరు గద అన్నా. గదువ కింద నీడ పోతది, మెడ సన్నగ అయితది, భుజాల మీద తల అతికించినట్టు ఉంటది. వీసాకు, పాస్‌పోర్టుకు అయితే వద్దే వద్దు. షాపుల ఒక నిజం కోటు పెట్టుకొని తొడిగిస్తే మిమ్ముల అడిగేటోడు లేడు.

---

యాదయ్య_రిటైర్డ్ | ఆదివారం మధ్యాహ్నం 1:20

నమస్కారం. మంచి విషయం చర్చిస్తున్నారు. నా ఆధార్ కార్డులో ఫోటో 2012 నాటిది, చాలా అన్యాయంగా ఉంది, మా మనవడు నవ్వుతున్నాడు. ఈ మధ్య షష్టిపూర్తికి దిగిన మంచి ఫోటో ఉంది. దాన్ని శుభ్రం చేయించి ఆధార్‌లో ఎక్కించవచ్చునా? ఏ సైటులో ఎక్కించాలి?

---

లక్ష్మణ్_మిర్యాలగూడ | ఆదివారం మధ్యాహ్నం 1:34

సార్, ఆధార్‌ల మన ఫోటో ఎక్కించే పద్ధతి లేదు. ఆధార్ సెంటర్‌కు పోవాలె, వాళ్లే అప్పటికప్పుడు తీస్తరు. షష్టిపూర్తి పంచెకట్టుకొని పోండి సార్, అట్లనే తీస్తరు :)

---

పాలమూరు_పద్మ | ఆదివారం సాయంత్రం 6:10

నేను అడగాలనుకున్నదే కిరణ్ గారు పైన అన్నారు, నాలుగేళ్ల లోపు పిల్లలకు ఫోటో మనమే తీసుకుపోవాలని. మా పాపకు ఏడు నెలలు. వాళ్ల నాన్న మస్కట్‌లో ఉంటారు, పాపకు పాస్‌పోర్టు తీయాలి. ఇక్కడ మహబూబ్‌నగర్‌లో స్టూడియోకు తీసుకెళ్తే నా ఒళ్లో కూర్చోబెట్టి తీశారు, పాప మెడ వెనక నా చెయ్యి పడింది. చెయ్యి తీసేసి తెల్లగా చేసిచ్చారు. కానీ ఒక చెవి సగం మాయమైంది! చెయ్యితో పాటు చెవి కూడా తుడిచేశారన్నమాట. ఇది ఇవ్వొచ్చా?

---

అచ్చంపేట_కిరణ్ | ఆదివారం రాత్రి 8:25

పద్మక్కా, ఇవ్వకండి. తిప్పి పంపితే మళ్లీ పాపను ఎత్తుకొని తిరగాలి. ఇంట్లోనే తీయొచ్చు. మంచం మీద మడతల్లేని తెల్ల దుప్పటి పరచి పాపను వెల్లకిలా పడుకోబెట్టండి. కిటికీ పక్కన, పగటి వెలుతురులో అయితే మంచిది. మీరు నిలబడి పైనుంచి తిన్నగా తీయండి, మీ నీడ పాప మీద పడకుండా చూసుకోండి. ఒకరు మీ భుజం పక్కన గిలక ఆడిస్తే పాప కెమెరా వైపు చూస్తుంది. ముప్ఫై నలభై తీస్తే ఒకటి దొరుకుతుంది. దాన్ని 3.5 × 4.5కు కోసి ప్రింట్ చేయమనండి. "కోయడం తప్ప ఏం చేయొద్దు" అని గట్టిగా చెప్పండి, లేకపోతే అలవాటు కొద్దీ బుగ్గలు తెల్లగా చేస్తారు.

---

గడియారం_ఫోటోస్ | ఆదివారం రాత్రి 8:50

పాపలకు నేను కూడ దుప్పటి మీదనే తీస్త. బుగ్గల మాట మాత్రం నిజమే, తెల్లగ చేసుడుకు నా చెయ్యి దానంతటదే పోతది.

---

షరీఫ్_జడ్చర్ల | ఆదివారం రాత్రి 9:15

భాయ్, నేను దుబాయ్‌ల ఉంట. నాది వేరే కథ. పాస్‌పోర్టు ఫోటోల గడ్డం లేదు, ఇప్పుడు నిండ గడ్డం. ఎడిట్ ఏం చెయ్యలే. కానీ రెండుసార్లు ఎయిర్‌పోర్టుల ముఖం చూసి తెరుచుకునే స్మార్ట్ గేట్ తెరుచుకోలే, కౌంటర్‌కు పొమ్మన్నది. కౌంటరాయన చూసి నవ్వి పంపిండు. అసలు ఫోటోకే ఇట్లయితే ఎడిట్ చేసినోళ్ల గతేంది?

---

అచ్చంపేట_కిరణ్ | ఆదివారం రాత్రి 9:33

షరీఫ్ భాయ్, గేట్ ఎందుకు తెరుచుకోలేదో ఇక్కడి నుంచి చెప్పలేను. గడ్డమే కావొచ్చు, వెలుతురు కావొచ్చు, నువ్వు నిలబడ్డ తీరు కావొచ్చు. కానీ నీ ఫోటో అసలుది కాబట్టి కౌంటరాయన నీ కళ్లు, ముక్కు, చెవులు చూసి పోల్చుకున్నడు. అవే దిద్ది ఉంటే ఆయన దేంతోని పోల్చుకోవాలి? పెద్దోళ్ల పాస్‌పోర్టు పదేండ్లు నడుస్తది. గడ్డం, బరువు, వయసు ఇవన్నీ ఎట్లనూ తేడా తెస్తయి. మనం ఇంకో తేడా జమ చేసుడెందుకు?

---

లక్ష్మణ్_మిర్యాలగూడ | ఆదివారం రాత్రి 10:02

పాస్‌పోర్టు చట్టంల జైలు కూడ ఉందంట గద? ఫోటో దిద్దినందుకు సాయి చెల్లెను జైల్ల పెడ్తరా ఏంది?

---

అచ్చంపేట_కిరణ్ | ఆదివారం రాత్రి 10:20

భయపెట్టకు అన్నా. నువ్వు చెప్పేది 1967 చట్టం 12వ సెక్షన్. పాస్‌పోర్టు కోసం తెలిసి తెలిసి అబద్ధపు సమాచారం ఇస్తే రెండేండ్ల దాక జైలు, లేదా ఐదు వేల దాక జరిమానా, లేదా రెండూ. అండ్ల "తెలిసి" అనే మాట ఉంది. స్టూడియోల మొటిమ తీయించుకున్న పిల్లకూ, ఇంకొకరి ముఖం కలిపినోనికీ తేడా ఉంటది. పైగ సాయిది అమెరికా వీసా, ఆ చట్టం కిందికి రాదు. ఆడ మామూలుగ అయ్యేది ఫోటో మళ్ల తెమ్మనుడే. కానీ స్లాట్ దొరుకుడే కష్టమున్న రోజుల్ల ఆ ఆలస్యమే పెద్ద తిప్పలు.

---

దేవరకొండ_సాయి | సోమవారం ఉదయం 8:05

స్టూడియోకు ఫోన్ చేసిన, ఏం ముట్టుకోని అసలు ఫోటో ఇయ్యమన్న. "కార్డు ఖాళీ చేసినం" అన్నడు. ఉన్నా అద్దాలతోనే ఉంటది గద. ఇంట్ల తీస్తే ఒప్పుకుంటరా అన్నా? ఎట్ల తియ్యాలె, ఏమేం చెయ్యొచ్చు?

---

అచ్చంపేట_కిరణ్ | సోమవారం మధ్యాహ్నం 2:15

ఒప్పుకుంటరు, ఎవరు తీసిన్రనేది కాదు ముఖ్యం. తెల్ల గోడ లేకుంటే తెల్ల దుప్పటి కట్టు. చెల్లెను దానికి ఆనించకు, రెండు మూడడుగులు ముందుకు నిలబెట్టు, అప్పుడు ఎనక నీడ పడదు. నువ్వు ఐదడుగుల దూరం నుంచి వెనక కెమెరాతోని తియ్యి. సెల్ఫీ వద్దు. దగ్గరి నుంచి తీస్తే ముక్కు పెద్దగ, చెవులు చిన్నగ వస్తయి. ఇంకోటి, కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంల బొమ్మ లెక్క తిప్పి దాస్తయి. పెదవి మీద ఎడమ పక్క మచ్చ కుడి పక్కకు పోతది. అది కూడ దిద్దినట్టే, నీకు తెలియకుండనే.

తీసే ముందు కెమెరాల బ్యూటీ మోడ్ సున్నాకు దించు. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, జుట్టు అంచులను తింటది. అద్దాలు తీసేసి, నవ్వకుండ, కళ్లు మామూలుగ తెరిచి చూడమను.

ఇగ చెయ్యగలిగిన మార్పులు. తల కొంచెం వంకర ఉంటే ఫోటోను తిప్పి నిటారు చెయ్యి. చదరంగ కొయ్యి. రెండు పక్కలా సమానంగ చిన్నది చెయ్యి. ఫోన్ వేరే ఫార్మాట్ల దాస్తే జేపెగ్ చెయ్యి. 240 కేబీ దాటితే క్వాలిటీ కొంచెం తగ్గించు. ఇవేవీ ముఖంల ఉన్నదాన్ని మార్చవు.

లెక్క ఇట్ల వేసుకో. ఐదడుగుల నుంచి జూమ్ లేకుండ తీస్తే 3000 × 4000 ఫోటోల నడినెత్తి నుంచి గదువ దాక సుమారు 480 పిక్సెళ్లు రావొచ్చు. తల, ఫోటో ఎత్తుల 50 నుంచి 69 శాతం మధ్యల ఉండాలి. 60 అనుకో. 480ని 0.6తోని భాగిస్తే 800. అంటే 800 × 800 చదరం కొయ్యాలి. నెత్తి పైన వంద పిక్సెళ్లు వదిలిపెట్టు, మిగతాది గదువ కింద. తర్వాత 600 × 600కు దించితే తల 360 పిక్సెళ్లు అయితది, సరిగ్గ 60 శాతం. కోసిన చదరం 600 కన్న చిన్నగ వస్తే మాత్రం పెంచకు, కొంచెం దగ్గరికి పోయి మళ్ల తియ్యి. చిన్నదాన్ని పెద్దగ చేస్తే సాఫ్ట్‌వేర్ లేని చర్మాన్ని కల్పిస్తది.

వాట్సాప్‌ల పంపాల్సి వస్తే డాక్యుమెంట్ లెక్క పంపు, లేకుంటే అది నొక్కి చిన్నగ చేస్తది.

---

గడియారం_ఫోటోస్ | సోమవారం మధ్యాహ్నం 3:00

కిరణ్ తమ్మీ, వెలుతురు పెంచుడు కూడ తప్పేనా? మన పిల్లలది చామనఛాయ. తెల్ల గోడ ఎనక ఉంటే కెమెరా గోడను చూసి ముఖాన్ని చీకటి చేస్తది. నేను రెండు పాయింట్లు వెలుగు పెంచకుంటే కండ్లే కనబడవు. ఇది తెల్లగ చేసుడు కాదు, కెమెరా తప్పు దిద్దుడు.

---

అచ్చంపేట_కిరణ్ | సోమవారం సాయంత్రం 5:40

ఇది మంచి ప్రశ్న అన్నా, నా దగ్గర గట్టి జవాబు లేదు. ఫోటో మొత్తానికి ఒకే తీరుగ వెలుతురు పెంచితే కొలతలు మారవు, నా లెక్కల అది పెద్ద పాపం కాదు. కానీ ముఖం ఒక్కదాన్నే ఎంచి వెలిగిస్తే చర్మం రంగు మారినట్టే. చర్మం రంగు సహజంగ ఉండాలని నిబంధన. నేనైతే తీసేటప్పుడే వెలుగు పెంచుకుంట. ఫోన్‌ల ముఖం మీద వేలు పెడితే ఎండ గుర్తు వస్తది గద, దాన్ని పైకి జరుపుత.

---

గడియారం_ఫోటోస్ | సోమవారం సాయంత్రం 6:05

సరే, అద్దాలు, మచ్చలు, కోటు ఒప్పుకుంట. బ్యాక్‌గ్రౌండ్ మాత్రం ఒప్పుకోను. జుట్టు అంచు పోకుండ పెన్ టూల్‌తోని నేను కోస్తే నువ్వు కాదు, ఎవ్వడూ పట్టుకోలేడు.

---

అచ్చంపేట_కిరణ్ | సోమవారం సాయంత్రం 6:22

పట్టుకోలేకపోవుడు వేరు, ఒప్పుకునుడు వేరు అన్నా. పద్మక్క పాప చెవి ఎట్ల పోయిందో చూసిన్రు గద. ఉద్యోగాల దరఖాస్తులకు నడుస్తుందంటే నడుస్తది, చాలా నోటిఫికేషన్లల్ల దాని ఊసే ఉండదు. వీసాకు మాత్రం ఒక తెల్ల గుడ్డ కట్టుకునుడు ఎంత పని?

---

దేవరకొండ_సాయి | మంగళవారం రాత్రి 9:50

అయిపోయింది. మా ఇంటి మిద్దె మీద మా బాపు తెల్ల పంచె దండెం మీద కట్టి తీసినం. పొద్దున ఏడున్నరకు, ఎండ నేరుగ పడక ముందు. మొదటి పన్నెండు పనికిరాలే, అద్దాలు తీస్తే మా చెల్లె కండ్లు చికిలిస్తది. అమ్మ ఫోన్ ఎనక నిలబడి "కెమెరా అండ్లనే ఉందే, ఇటు చూడు" అంటుంటే పదమూడోది కుదిరింది. తల 505 పిక్సెళ్లు వచ్చింది, 840 చదరం కోసి 600కు దించిన. 118 కేబీ. నల్లగుడ్డు గుండ్రంగ ఉంది, మచ్చ ఎడమ పక్కనే ఉంది.

పంచెకు అంచు ఉండె, కోస్తే పోయింది.

---

పాలమూరు_పద్మ | మంగళవారం రాత్రి 10:30

మేము కూడా తీశాం, నలభై ఆరు ఫోటోలకు ఒకటి. రెండు చెవులూ ఉన్నాయి! కానీ పాప నుదుటి మీద మా అత్తమ్మ పెట్టిన దిష్టి చుక్క పెద్దది, కనుబొమ్మ మీదికి కొంచెం వచ్చింది. స్టూడియోలో తుడిపించనా అంటే అత్తమ్మే వద్దంటున్నారు, మళ్లీ తీయమంటారా?

---

గడియారం_ఫోటోస్ | మంగళవారం రాత్రి 10:41

అమ్మా, చుక్కను కంప్యూటర్ల కాదు, తడి బట్టతోని తుడువుండ్రి. కొబ్బరినూనె పెడితే జల్ది పోతది. తర్వాత మళ్ల తియ్యుండ్రి.